నేను లేకపోతే ఆగిపోయే పని

ప్రశంసాపత్రం అన్న మాట వింటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. ఫలానా ఉద్యోగికి సన్మానం, తప్పక రావాలి అని కార్డు తెచ్చిస్తే తీసుకుంటాను గాని వెళ్లను. ఇంటికొచ్చినవాళ్లు గోడమీది అద్దాల చట్రాన్ని చూసి, ‘కలెక్టరు చేతుల మీదుగా తీసుకున్నారటగా’ అంటే, చల్ల తాగుతారా అని మాట మారుస్తాను. అది దొంగ కాగితం కాదు. అందులో రాసినవన్నీ నేను చేసినవే. అబద్ధాలైతే ఇంత బాధ ఉండకపోయేది.

మాది మంథని. బాపు నేతపని చేసేవాడు. ఆయనకు మగ్గం మీద నమ్మకం పోయి నన్ను బడికి పంపాడు. నిజాం కాలం బడి కాబట్టి ఉర్దూలో చదివాను. చదువు అయ్యేసరికి నిజాం పోయాడు, ఉర్దూ పోయింది, దరఖాస్తులన్నీ ఇంగ్లీషులో రాయాలన్నారు. రాజ్యాలు మారినప్పుడల్లా చదువుకున్నవాడు మళ్లీ ఓనమాలు దిద్దాలి కాబోలు. తంటాలు పడి పడి, మలేరియాను దేశం నుంచి తరిమేస్తామని సర్కారు పూనుకున్న రోజుల్లో ఆ శాఖలో చేరాను. కొన్నేళ్లకు ఇన్‌స్పెక్టరునయ్యాను. నలుగురు కార్యకర్తలను నా కింద పెట్టి, ఆదిలాబాద్ జిల్లాలో జైనూరు అడవుల్లోకి పంపారు.

మా పని చెప్పడానికి చాలా తేలిక. కార్యకర్త పదిహేను రోజులకొకసారి ప్రతి ఇంటికీ పోవాలి. ఇంట్లో ఎవరికైనా జ్వరం వచ్చిందా అని అడగాలి. వస్తే వేలికి సూది గుచ్చి, నెత్తురు చుక్క గాజుపలక మీద తీసుకొని, మాత్రలిచ్చి, గోడమీద తేదీ వేసి రావాలి. ఆ పలకలను మేము స్లైడులంటాం. అవి యూనిట్ ఆఫీసుకు చేరితే అక్కడ మైక్రోస్కోపులో చూసి ఎవరికి మలేరియా ఉందో చెబుతారు. చేయడానికి వస్తే, గూడేనికీ గూడేనికీ మధ్య వాగులు, మూసిన తలుపులు, సూదిని చూసి కర్ర తీసుకొనే ముసలమ్మలు. పైగా స్లైడు మీది నెత్తుటిని ఒక్క పూట ఏమరితే చీమలు తినేస్తాయి. నాకంటే ముందు అక్కడికి వచ్చిన కార్యకర్తలు నెల తిరగకుండా పారిపోయేవాళ్లు. వాళ్లను నేను తప్పుపట్టను.

నా భార్య మంథనిలోనే ఉండేది, వాళ్ల అక్క ఇంటి పక్క వాటాలో. మగ్గాలకు నూలు కండెలు చుట్టేది. మనిషి బక్కపలచన గాని నోరు మాత్రం గట్టిది. ఎంతటివాణ్ణయినా ఎగతాళి చేసేది. జైనూరుకు తీసుకుపోదామని ఇల్లు చూస్తున్న ఏడాదే ఆమెకు దగ్గు పట్టింది. దగ్గు తగ్గలేదు, సాయంత్రమైతే ఒళ్లు వెచ్చబడేది. కరీంనగర్ ఆస్పత్రిలో చూపిస్తే క్షయ అన్నారు.

డాక్టరు మంచిమాటే చెప్పాడు. ఇది ఇప్పుడు చచ్చే రోగం కాదు, మందులున్నాయి అన్నాడు. కొన్ని నెలలు సూదులు, ఏడాదిన్నర దాకా మాత్రలు. అసలు సంగతి మధ్యలో మానకపోవడం. ‘తగ్గినట్టే ఉంటుంది. తగ్గింది కదా అని మానేస్తే మళ్లీ వస్తుంది. అప్పుడు మందు పనిచేయదు. ఇంట్లో ఒకరు కనిపెట్టుకొని ఉండాలి’ అన్నాడు. మందులు కరీంనగర్‌లోనే ఇచ్చేవాళ్లు. మంథని నుంచి పెద్దపల్లికి ఒక బస్సు, అక్కడి నుంచి ఇంకొకటి. అక్క కాపురం అక్కది, ఆమె మగ్గం ఆమెది. జైనూరుకు తీసుకుపోతే వానలు పడ్డాక మందు చేరే దారే ఉండదు. పైగా అది జ్వరాల అడవి. కనిపెట్టుకొని ఉండాల్సింది నేనే. దానికి ఒకటే మార్గం, కరీంనగర్ వైపుకు బదిలీ.

మా యూనిట్ ఆఫీసరు కోస్తా నుంచి వచ్చిన డాక్టరు. ధర్మాత్ముడు. అతణ్ణి తిట్టుకుందామని ఎన్నోసార్లు ప్రయత్నించాను, నోరు రాలేదు. నా దరఖాస్తు చదివి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

“చూడండి, దీన్ని ఒట్టిగా పైకి పంపితే లాభం లేదు. బదిలీలు నా చేతిలో లేవు, పై ఆఫీసులో ఉన్నాయి. అక్కడ మీరెవరో వాళ్లకి తెలీదు. ఈ పంద్రాగస్టుకి మంచి పనివాళ్ల పేర్లు అడిగారు. మీ పేరు రాస్తాను. కలెక్టరుగారు ప్రశంసాపత్రం ఇచ్చిన మనిషి అడిగితే కాదనరు” అన్నాడు.

నాకు కాళ్లు మొక్కాలనిపించింది. అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఇక్కడ అడిగితే అమ్మ విస్తరే వేసింది అనుకున్నాను. మా కాలంలో అందరికీ ఉన్న నమ్మకమే అది. దొరలకు పనితనం చూపిస్తే కోరిక తీరుస్తారని తాతల నుంచి విన్నాం. దొరలు పోయి ఆఫీసులొచ్చినా మా బుద్ధి దర్బారులోనే ఉండిపోయింది.

ప్రశంసాపత్రానికి ఊరికే ‘మంచివాడు, కష్టపడతాడు’ అంటే సరిపోదట. ఏ పని చేశాడు, దానివల్ల తోటివాళ్లకు ఏం మేలు కలిగింది, అది విడివిడిగా చెప్పాలట. డాక్టరు ఇదంతా శ్రద్ధగా చేశాడు. ఒక సంతరోజు తనే జైనూరుకు వచ్చి, చాయ హోటలు బల్లమీద కూర్చొని, నన్ను అవతలికి పొమ్మని, నా నలుగురినీ అడిగాడు. నేను సంతలో ఉల్లిగడ్డల కుప్ప దగ్గర నిలబడ్డాను. అక్కడికి కూడా వాళ్ల మాటలు వినబడుతూనే ఉన్నాయి. ఒకణ్ణి మించి ఒకడు చెబుతున్నాడు. అందరికంటే గట్టిగా మాట్లాడింది ఖానాపూర్ అతను. ముసల్మాను, నాకంటే నాలుగైదేళ్లు చిన్న, నన్ను అన్నా అనేవాడు.

“రాయుండ్రి సార్. నాకు జరం వచ్చి పడుంటే నా గూడేలన్ని అన్ననే తిరిగిండు. అన్న లేకుంటే మేమెవ్వరం ఈడ ఉండకపోతుంటిమి. గీ అడవిల ఎవడుంటడు సార్?” అన్నాడు.

నా బదిలీ కోసమే అడుగుతున్నారని వాళ్లకు తెలుసు. నేను పోతే వాళ్లకు కష్టమని కూడా తెలుసు. అయినా ఒక్కడు కూడా మాట తగ్గించి చెప్పలేదు. ఆ రోజు ఉల్లిగడ్డలు బేరం చేస్తున్నట్టు నటిస్తూ ఏడ్చాను.

ఆగస్టు పదిహేనున ఆదిలాబాద్ మైదానంలో షామియానా కింద మమ్మల్ని వరసగా నిలబెట్టారు. ఒక గుమాస్తా మైకులో ఇంగ్లీషులో చదివాడు. నాకు సగమే అర్థమైంది. తరువాత మా ఆఫీసు టైపిస్టు తెలుగులో చెప్పాడు. ఇప్పుడు నాకది నోటికి వచ్చు:

“జైనూరు సెక్షన్ ఇన్‌స్పెక్టరు అయిన ఇతడు, ఇళ్లకు వెళ్లే వేళను మధ్యాహ్నం నుంచి తెల్లవారుజాముకు మార్చి, పొలాలకు పోకముందే జనం దొరికేటట్టు చేశాడు. దీనివల్ల కార్యకర్తలకు మూసిన తలుపుల చుట్టూ తిరిగే శ్రమ తప్పింది. సూదికి భయపడే గూడేలలో ముందుగా తన వేలు గుచ్చించుకొని చూపి, కార్యకర్తలకు ఎదురయ్యే అడ్డంకులను తగ్గించాడు. నలుగురు కార్యకర్తలూ సంతరోజు జైనూరులో కలిసి స్లైడులు ఒకచోట అప్పగించే పద్ధతి పెట్టాడు. దీనివల్ల ఫలితాలు త్వరగా రావడమే గాక, అడవిలో ఒంటరిగా తిరిగేవారికి వారానికొకసారి తోటివారిని కలిసే వీలు కలిగింది. జబ్బుపడిన కార్యకర్త గూడేలకు తానే వెళ్లాడు. ఇతడు వచ్చిన తరువాత ఆ సెక్షనులో ఒక్కరు కూడా ఉద్యోగం విడిచిపోలేదు. ఆ బృందం నిలిచి ఉండటానికి ఇతడు అక్కడ ఉండటమే కారణం.”

కలెక్టరు చేయి కలిపాడు. ఆయన చేయి మెత్తగా, చల్లగా ఉంది. జీవితంలో నాకు అంత గర్వం ముందెప్పుడూ కలగలేదు, తరువాత కలగలేదు. దాని నకలు నా సర్వీసు పుస్తకంలో కూడా అంటించారు. డాక్టరు అదే వారం నా దరఖాస్తుకు ప్రశంసాపత్రం నకలు జతచేసి, బలంగా సిఫారసు రాసి, పైకి పంపాడు.

నేను మంచిర్యాలలో చట్రం కట్టించుకొని మంథనికి పోయాను. అప్పటికి ఆమెకు సూదుల వల్ల దగ్గు తగ్గి, ముఖం మీద కాస్త కళ వచ్చింది. నేను కాగితం చేతిలో పెట్టి, టైపిస్టు చెప్పినట్టే మొత్తం చెప్పాను. పక్క వాటాలోని ఆమె అక్క, మా వదిన కూడా మగ్గం ఆపి వచ్చి విన్నది.

నా భార్య చట్రాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

“ఇందుల రాసినయన్ని నిజమేనా?” అన్నది.

“నిజమే.”

“నీ ఏలు నువ్వే గుచ్చుకున్నవా?”

“గుచ్చుకున్న.”

“అయితే ఇగ నిన్ను ఇడువరు” అన్నది.

నేను నవ్వాను. నీకేం తెలుసు, ఇది బదిలీ కోసమే రాయించారు అన్నాను. ఆమె నా ముఖంలోకి చూసి, “మా మగ్గపోళ్లల్ల సుత మంచిగ నేసెటోన్ని సేటు పోనిస్తడా? చీరెలు చెడగొట్టెటోన్నే పొమ్మంటడు. సర్కారు సేటు కంటె తెలివి తక్కువదా?” అన్నది. వదిన ఆమెను కసిరింది. మొగడు పేరు తెచ్చుకొని వస్తే అపశకునం పలుకుతవా అన్నది. ఆమె దసరాకు మగ్గం సామానుతో పాటు ఆ చట్రానికి కూడా బొట్టు పెట్టిందని తరువాత వదిన చెప్పింది.

పై ఆఫీసు జవాబు దీపావళి తరువాత వచ్చింది. డాక్టరు నన్ను పిలిచి, కాగితం నా చేతికివ్వకుండా తానే చదివాడు. జతచేసిన ప్రశంసాపత్రాన్ని బట్టి చూస్తే జైనూరు సెక్షను పని మొత్తం ఈ ఉద్యోగి మీదనే ఆధారపడి ఉన్నట్టు స్పష్టమవుతున్నది. ఇతన్ని కదిలిస్తే కార్యకర్తలు నిలుస్తారన్న నమ్మకం లేదు. కాబట్టి ప్రజాహితం దృష్ట్యా ఇప్పుడు బదిలీ వీలుకాదు; ఆ ప్రాంతంలో జ్వరం పూర్తిగా అదుపులోకి వచ్చిన తరువాత మళ్లీ దరఖాస్తు చేసుకోవచ్చు. ఇదీ సారాంశం.

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది. డాక్టరు ఆ కాగితాన్ని మడిచి సొరుగులో పెట్టాడు.

“నేను మంచే రాశానండి” అన్నాడు.

“మంచే రాసిన్రు సార్” అన్నాను.

ఇంకొక దరఖాస్తు పంపాను. ఆమె రోగం సంగతి కరీంనగర్ డాక్టరు కాగితంతో సహా పెట్టాను. ఈసారి జవాబు ఇంకా చిన్నది: పాత జవాబు చూసుకోవలెను. ఉద్యోగం మానేద్దామని కూడా అనుకున్నాను. మానేస్తే ఆమెను ఎట్లా సాకాలో తెలియలేదు. మగ్గం మరచిపోయిన చేతులు నావి. ఈలోగా మా డాక్టరుకే బదిలీ అయింది. ఆయనకు ప్రశంసాపత్రం లేదు మరి.

నేను సెలవు దొరికినప్పుడల్లా ఆసిఫాబాద్ రోడ్డు స్టేషనులో రైలెక్కి, పెద్దపల్లిలో దిగి మంథనికి పోయేవాణ్ణి. రెండు రోజులుండి వచ్చేవాణ్ణి. ఆమెకు ఒళ్లు బాగుపడింది. బాగుపడడంతోనే చెడిపోయింది. నడవగలుగుతున్నాను కదా, ఆకలవుతున్నది కదా అని ఆమె మాత్రలు మానేసింది. మింగితే కడుపులో తిప్పేదట. నేను పోయినప్పుడు ఖాళీ సీసాలు చూపించేది. మాత్రలు వేసుకుంటున్నాననే చెప్పేది. వదిన పొద్దంతా మగ్గం గుంతలో ఉండేది, ఆమె మాత్రం ఎక్కడని చూస్తుంది? పక్కన మనిషి ఉంటే కనిపెట్టే విషయం ఇది. వేరే జిల్లాలో, ఎవరి గోడమీదో తేదీలు చూసుకుంటూ తిరిగేవాడికి ఎట్లా తెలుస్తుంది? నేను ప్రతి పదిహేను రోజులకు ఊళ్లో వాళ్లందరి ఇళ్ల తలుపు తట్టించేవాణ్ణి, మీ ఇంట్లో జ్వరం ఉందా అని. మా ఇంటి తలుపు తట్టేవాడు లేడు.

మరుసటి ఎండాకాలానికి మళ్లీ దగ్గింది. ఈసారి మందు పనిచేయలేదు. కరీంనగర్ డాక్టరు చెప్పినట్టే అయింది.

ఆమె పోయిన కబురు జైనూరు చేరేసరికి వాగులు నిండుగా ఉన్నాయి. తంతి ఆసిఫాబాదులో ఆగి, అక్కడి నుంచి సంతకు వచ్చే వ్యాపారి చేతిలో వచ్చింది. నేను మంథని చేరేసరికి గోదావరి ఒడ్డున బూడిద కూడా మిగల్లేదు, నీళ్లు వచ్చి తీసుకుపోయాయి. వదిన తలుపు దగ్గర కూర్చొని ఉంది. లోపల గోడకు, ఆమె దువ్వెన పెట్టుకొనే గూటి పైన, నా చట్రం ఉంది. ఆ రోజు దాన్ని నేలకేసి కొట్టాలనుకున్నాను. చేతులు రాలేదు. దానిమీద ఆమె పెట్టిన బొట్టు ఉంది.

కర్మలు చేసి, ఆ పైన మంచాన పడి, నెల దాటాక జైనూరుకు తిరిగి వచ్చాను. పని ఎంత పాడైందో అని దారి పొడుగునా భయపడ్డాను. నవ్వకండి, అలవాటైన బుద్ధి అట్లాగే ఉంటుంది. వచ్చి చూస్తే ఏమీ పాడు కాలేదు. నలుగురూ తెల్లవారుజామునే గూడేలకు పోతున్నారు. సంతరోజున తామే కలుసుకొని స్లైడులు పంపుతున్నారు. కొత్త గూడేనికి పోతే తమ వేలే ముందు గుచ్చుకుంటున్నారు. ఒకడికి జ్వరం వస్తే మిగతా ముగ్గురూ పంచుకున్నారట. ఒక్కరూ పారిపోలేదు. చాయ హోటలు బల్లమీద కూర్చొని ఖానాపూర్ అతను ఇదంతా నన్ను ఊరడించడానికి చెప్పాడు.

“నువ్వు ఫికర్ చెయ్యకే అన్నా. నువ్వు లేకున్నా అంత మంచిగనే నడిచింది” అన్నాడు.

ఆ మాట విని నేను ఎట్లా బతికి ఉన్నానో నాకే తెలియదు. నేను లేకపోతే ఆగిపోతుందన్న పని నెల రోజులు నేను లేకుండా హాయిగా నడిచింది. ఆ సంగతి ఒక ఏడాది ముందు ఎవరికైనా తెలిసి ఉంటే ఆమె బతికేది.

ఆ తరువాతి ఏడాది కొత్త ఆఫీసరు నుంచి నాకు ఉత్తరువు వచ్చింది. పంద్రాగస్టు ప్రశంసాపత్రానికి ఖానాపూర్ అతని పేరు అనుకుంటున్నామనీ, అతను చేసిన ప్రత్యేకమైన పనులూ, వాటివల్ల బృందానికి కలిగిన మేలూ రాసి పంపమనీ. అప్పటికే అతను ఖానాపూర్ సెక్షనుకు బదిలీ అడిగి ఉన్నాడు. అతని చిన్న కూతురికి పోలియో జ్వరం వచ్చి ఒక కాలు పడిపోయింది. భార్య ఒక్కతే ఆ పిల్లను ఎత్తుకొని నిర్మల్ ఆస్పత్రికి తిరుగుతోంది.

అతని గురించి రాయాలంటే నాలుగు పేజీలు రాయవచ్చు. నేను మూడు మాటలు రాశాను. ‘తన పని తాను చేస్తున్నాడు. ప్రత్యేకంగా చెప్పదగినది లేదు. ఇతని స్థానంలో ఎవరిని వేసినా పని ఆగదు.’ అతని పేరు కొట్టేశారు. రెండు నెలల్లో బదిలీ ఉత్తరువు వచ్చింది.

ఆఫీసులో ఎవరో అతనికి నేను రాసింది చదివి వినిపించారు. అతను మూటాముల్లె కట్టుకొని, బండి ఎక్కబోతూ నా గది ముందుకు వచ్చాడు. లోపలికి రమ్మంటే రాలేదు.

“నేను జేసిన పని నీ కండ్లకు ఆనలేదా అన్నా?” అన్నాడు.

“ఆనింది. అందుకే రాయలే. నా సంగతి నీకు ఎరుకే గద” అన్నాను.

“ఎరుకే. నీ సంగతి నీది. పానం పెట్టి చేసిన. ఒక్క కాయిదం నాకు సుత రావాల్నుండె. నా బిడ్డకు చూపిస్తుంటి.”

అతను అన్నది నిజమే. బండి సంత మైదానం దాటేదాకా అతను వెనక్కి తిరిగి చూడలేదు. తరువాత ఒకసారి నిర్మల్ బస్టాండులో కనిపించాడు. భార్య పక్కన ఉంది, కూతురు అతని భుజం మీద నిద్రపోతోంది. నన్ను చూసి ముఖం తిప్పుకున్నాడు. పలకరిద్దామని రెండడుగులు వేసి ఆగిపోయాను. మనిషి ఇంటి దగ్గర ఉన్నాడు, పిల్ల భుజం మీద ఉంది, అది చాలనుకున్నాను. చాలదని నాకు తెలుసు.

ఆ అడవుల్లో జ్వరం పూర్తిగా అదుపులోకి వచ్చిందన్న మాట నేనున్నన్నాళ్లూ వినలేదు. తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చింది. నేనూ మళ్లీ దరఖాస్తు పెట్టలేదు. ఎక్కడికని పెట్టాలి?

ఆమెను చివరిసారి చూసింది మృగశిర కార్తె ముందు. రైలుకు పొద్దుపోతోందని నేను చెప్పులు తొడుక్కుంటున్నాను. ఆమె మంచం మీది నుంచి గోడమీది చట్రం వైపు వేలు చూపించింది. దగ్గు తెరల మధ్య కూడా ఎగతాళి మానలేదు.

“ఆడ నువ్వు లేకుంటే ఆగుతదని పెద్ద దొరలు రాసిచ్చిండ్రు. ఈడ గూడ ఆగుతదని రాయాలంటె ఎవరిని అడగాలె?” అన్నది.

రైలు దొరకదని నేను నవ్వి బయలుదేరాను.